గీత దాటని కెమెరా

హోటల్ టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుని అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుంటున్నారనుకోండి. ఇద్దరి చూపులనూ కలుపుతూ ఒక గీత ఊహించుకుంటే, కెమెరా దానికి ఒకవైపే ఉండాలి. అప్పుడు క్లోజప్‌లో అన్న ఎప్పుడూ కుడికి, చెల్లెలు ఎడమకి చూస్తారు. విడివిడిగా తీసినా ఎదురెదురుగా ఉన్నట్టే అనిపిస్తుంది. చెల్లెలి షాట్‌కి కెమెరా గీత అవతలికి వెళ్లిందా, ఆమె కూడా కుడికే చూస్తుంది. ఇద్దరూ పక్కనున్న మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

దిశ ఒక్కటే కుదిరితే చాలదు. అన్నను 50 ఎంఎం లెన్స్‌తో, కంటి ఎత్తున, ఐదడుగుల దూరం నుంచి తీస్తే చెల్లెలినీ అలాగే తీయాలి. లేదంటే కట్ పడిన ప్రతిసారీ ముఖాల సైజు మారిపోతుంది.

గీత దాటక తప్పకపోతే, కట్ చేయకుండా కెమెరాను ప్రేక్షకుల కళ్లముందే అవతలికి కదిలించాలి. అప్పుడు ఎవరు ఎటున్నారో వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది.