అక్షరం మారకుండానే తప్పైపోయిన జవాబు

ఏటీఎంలో కార్డు పెట్టాం, ఖాతాలో పదివేలు తగ్గినట్టు మెసేజ్ వచ్చింది, నోట్లు మాత్రం బయటికి రాలేదు. బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి తన తెరమీద ఉన్న జవాబును చదివి వినిపిస్తారు. ఇలాంటి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టుకున్న నిల్వనే నాలెడ్జ్ బేస్ అంటారు. ఆ జవాబులకు మార్కులు వేసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు చూసేవి మూడు: చెప్పింది నిజమేనా, కావలసినదంతా చెప్పారా, చెప్పిన తీరు ఎలా ఉంది.

ఉదాహరణకు ఈ జవాబు తీసుకుందాం: "మీకు కలిగిన అసౌకర్యానికి మన్నించండి. మీరు ఫిర్యాదు నమోదు చేసిన తర్వాత ఏడు పనిదినాల్లో సొమ్ము మీ ఖాతాలో తిరిగి జమ అవుతుంది. దయచేసి నిశ్చింతగా ఉండండి." చదవడానికి మర్యాదగా, స్పష్టంగా ఉంది. 2011 జులై నుంచి కొన్నేళ్లపాటు ఇది సరైన జవాబే, ఎందుకంటే రిజర్వు బ్యాంకు నిబంధన అప్పట్లో అలాగే ఉండేది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరు 15 నుంచి లెక్క మారింది. లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదు రోజుల్లోగా, ఖాతాదారు అడిగినా అడగకపోయినా, బ్యాంకే డబ్బు వెనక్కి వేయాలి. ఆ గడువు దాటితే ఆలస్యమైన రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. దానికీ ఫిర్యాదు అవసరం లేదు. మూడో తేదీన డబ్బు ఇరుక్కుంటే ఎనిమిదో తేదీ గడువు. పన్నెండున జమ అయితే నాలుగు రోజుల ఆలస్యానికి నాలుగు వందలు రావాలి.

పై జవాబులో ఒక్క అక్షరం మారలేదు. కానీ ఆ అక్టోబరు నుంచి అది తప్పు. అందుకే నిజానికి మార్కులు వేసేటప్పుడు జవాబును మాత్రమే చదివితే సరిపోదు, పక్కన అసలు ఉత్తర్వును తెరిచి పెట్టుకోవాలి. "నాకు తెలిసినంతవరకు సరిగ్గానే ఉంది" అని మార్కు వేసేవాళ్లే ఇక్కడ ఎక్కువ ప్రమాదం. చాలాకాలంగా అదే పనిలో ఉన్నవాళ్లకు పాత నిబంధనే నోటికి వచ్చి ఉంటుంది మరి.

ఇప్పుడు ఐదింటికి లెక్కన మార్కులు వేద్దాం. నిజానికి ఒకటి, సంపూర్ణతకు మూడు, తీరుకు ఐదు. సగటు మూడు వస్తుంది, చాలాచోట్ల అది పాసే! మర్యాద కలిసి తప్పును గట్టెక్కించిందన్నమాట. కాబట్టి ఈ మూడింటినీ కలిపి సగటు తీయకూడదని నా అభిప్రాయం. మొదటి పరీక్ష నెగ్గని జవాబుకు మిగతా రెండు మార్కులూ వేయనే అక్కర్లేదు, దాన్ని వెంటనే తెర మీంచి తీసేయాలి.

సంపూర్ణత అంటే పొడవు కాదు. నిబంధన చరిత్రంతా రాస్తే ఏటీఎం ముందు నిలబడ్డ మనిషికి ఏం ఒరుగుతుంది? అతనికి ఈ పూట ఏం చేయాలో తెలియాలి. వాడింది వేరే బ్యాంకు ఏటీఎం అయినా, కార్డు ఇచ్చిన తన బ్యాంకునే అడగాలి. స్లిప్పు వస్తే దాచుకోవాలి. ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. వీటిలో ఏది లేకపోయినా అదే మనిషి మళ్లీ ఫోన్ చేస్తాడు. ఒకే విషయం మీద రెండోసారి వచ్చే ఫోన్లే ఏ జవాబు అసంపూర్తిగా ఉందో చూపిస్తాయి.

తీరు దగ్గర మార్కులు వేసేవాళ్ల మధ్యే పేచీ వస్తుంది. "నిశ్చింతగా ఉండండి" అన్నది ఒకరికి ఓదార్పు, డబ్బు పోయిందనుకుంటున్నవాడికి వెటకారం. అందుకని ఇద్దరు విడివిడిగా, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా అవే జవాబులకు మార్కులు వేసి, తేడా వచ్చినచోట కూర్చుని మాట్లాడుకుంటారు. తీరులో ఒక మార్కు తేడా మామూలే. నిజం విషయంలో తేడా వస్తే మాత్రం ఇద్దరిలో ఒకరు ఉత్తర్వు తెరవలేదేమో చూసుకోవాలి.

జవాబు కింద ఖాతాదారులు నొక్కే 'ఉపయోగపడింది' బటన్‌ను ఈ మార్కులకు బదులుగా వాడకూడదు. ఐదు రోజులు పడుతుందని ఉన్నది ఉన్నట్టు చెబితే కోపంతో 'లేదు' అని నొక్కేవాళ్లుంటారు. ఏడు రోజుల పాత జవాబు మర్యాదకు మెచ్చి 'అవును' అనేవాళ్లూ ఉంటారు.

ఇక దిద్దడం. ప్రతి జవాబు పక్కన దానికి ఆధారమైన ఉత్తర్వు, చివరిసారి సరిచూసిన తేదీ రాసి ఉంటే, కొత్త ఉత్తర్వు వచ్చిన రోజునే ఏవేవి మార్చాలో వెతికి పట్టుకోవచ్చు. అయినా ఒక చిక్కు మిగులుతుంది. ఆ ఏడు రోజుల వాక్యాన్ని ఎవరో ఎప్పుడో యాప్‌లోకి, ఫోన్‌లో వినిపించే రికార్డింగులోకి, ఈమెయిల్ నమూనాలోకి కాపీ చేసి ఉంటారు. నాలెడ్జ్ బేస్‌లో దిద్దినా ఆ మూడుచోట్లా పాతదే ఉంటుంది. అవి మార్కులు వేసేవారి జాబితాలోకి వచ్చేదాకా ఎవరూ వాటిని చదవరు.