పత్రిక చేతిలో ఉంటే ఇల్లు దొరకాలి

రాయచూరు బస్టాండులో తెల్లవారకముందే ఒక పెద్దాయన గృహప్రవేశ పత్రిక పట్టుకుని నిలబడ్డారనుకుందాం. ఆయన గద్వాల వైపు నుంచి వచ్చారు. పత్రిక అందంగా ఉంది. పైన వినాయకుడు, కింద బంగారు రంగులో తోరణం, మధ్యలో శ్లోకం. అడుగున 'స్వగృహము, కల్మల' అని ఉంది. బస్సుల బోర్డుల మీద లింగసుగూరు, మాన్వి, సింధనూరు అని ఉన్నాయి గాని కల్మల అని లేదు. ముహూర్తం ఈ తెల్లవారుజామునా, రేపటిదా అన్నదీ ఆయనకు తేలడం లేదు. ఫోన్ చేస్తే ఇంటివాళ్లు హోమం దగ్గర ఉన్నారు, ఎత్తరు.

తప్పు పెద్దాయనది కాదు, పత్రికది. దగ్గరివాళ్లకు బొట్టుపెట్టి, నోటితో చెప్పి వస్తాం కాబట్టి పత్రికలో ఏం లేకపోయినా గడిచిపోతుంది. దూరపువాళ్లకు ఆ కాగితమే దిక్కు. 1956 నవంబర్ 1 వరకు రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. సరిహద్దు మారినా చుట్టరికాలు మారలేదు. ఇక్కడి తెలుగు ఇళ్లలో శుభకార్యమంటే గద్వాల, మక్తల్, ఆదోని, కర్నూలు వైపుల నుంచి బంధువులు రావాల్సిందే. కల్మలలో కొత్త ఇల్లు కట్టుకున్న ఒక కుటుంబాన్ని ఉదాహరణగా పెట్టుకుని, వాళ్ల పత్రికను మొదటి నుంచి తయారు చేద్దాం. ఇందులోని తేదీ, వేళ, లెక్కలు ఉదాహరణకే.

ముందు ఏది కనిపించాలి?

పత్రిక అందుకున్నవాళ్లు వెతికేవి నాలుగు: ఏం కార్యం, ఎవరింట్లో, ఎప్పుడు, ఎక్కడ. చాలా పత్రికల్లో ఈ నాలుగూ ఉంటాయి గాని శ్లోకమూ, తాతల పేర్లూ, 'బంధుమిత్రుల అభినందనలతో' అన్న వరుసా అన్నీ ఒకే సైజు అక్షరాల్లో కలిసిపోతాయి. కొన్నిటిలో అన్నిటికన్నా పెద్ద అక్షరాలు శ్లోకానికే పడతాయి.

సంప్రదాయంలో ఏదీ తీసేయనక్కరలేదు. దేవుడి పేరుకు గౌరవం పైన ఉండే చోటు వల్ల వస్తుంది, అక్షరం లావు వల్ల కాదు. అందుకే 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' పైనే ఉంచి చిన్న అక్షరాల్లో వేద్దాం. పత్రిక మొత్తానికి మూడు సైజులు చాలు. 'గృహప్రవేశం' అన్న మాటకు 26 పాయింట్లు. తేదీ, వేళ, ఆహ్వానించే దంపతుల పేర్లు, ఊరు, ఈ నాలుగింటికీ 16. మిగతా అంతా 11. నాలుగో సైజు పెడితే ఏది ముఖ్యమో మళ్లీ తెలియకుండా పోతుంది. పెద్దల పేర్లు 11లోనే, కాని విడిగా ఒక వరుసలో, చుట్టూ ఖాళీ వదిలి వేస్తే ఎవరికీ చిన్నతనం అనిపించదు.

మన లిపికి ఇంకో సంగతి ఉంది. వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. 'లక్ష్మి' కింద ఉన్న వత్తు తర్వాతి వరుసలోని గుడిని తాకితే రెండూ చదవలేం. 11 పాయింట్ల అక్షరానికి వరుసకూ వరుసకూ మధ్య 16 పాయింట్ల దూరం ఉంచమని ప్రెస్సులో చెప్పండి. పసుపు మీద బంగారు అక్షరాలు చేతిలో మెరుస్తాయి గాని, ఫోనులో ఫొటో తీసి పంపితే కనబడవు. ఈ రోజుల్లో సగం మందికి పత్రిక అందేది ఫోనులోనే. లేత రంగు కాగితం మీద ముదురు కుంకుమ రంగో నలుపో ఉంటే రెండు చోట్లా చదవవచ్చు.

'తెల్లవారితే గురువారం'

పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మరుసటి సూర్యోదయం దాకా నడుస్తుంది. గడియారం తేదీ అర్ధరాత్రే మారుతుంది. అందుకే తెల్లవారుజాము ముహూర్తాల దగ్గర తికమక వస్తుంది. పురోహితులు 'బుధవారం రాత్రి 3.42, తెల్లవారితే గురువారం' అని రాసిస్తారు. అది సరైనదే. దాన్ని పత్రికలోకి ఎక్కించేటప్పుడు ఎవరో '7వ తేదీ గురువారం రాత్రి 3.42' అని మారుస్తారు. చదివినవాళ్లు గురువారం పగలంతా గడిచాక వచ్చే రాత్రి అనుకుని, ఒక రోజు ఆలస్యంగా దిగుతారు.

మన పత్రికలో ఆ భాగం ఇలా ఉంటుంది:

మే 7, గురువారం
తెల్లవారుజామున 3.42 గంటలకు గృహప్రవేశం
(బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం)
గురువారం ఉదయం 10 గంటలకు సత్యనారాయణ వ్రతం
మధ్యాహ్నం 12.30 నుంచి భోజనాలు
పొరుగూరి బంధువులు 6వ తేదీ బుధవారం సాయంత్రానికే దయచేయ ప్రార్థన

'రాత్రి' అన్న మాట బ్రాకెట్లలో పురోహితుల వాక్యంలోనే మిగిలింది. పెద్ద అక్షరాల్లో 'తెల్లవారుజామున' అనే ఉంది. ముహూర్తానికి రాలేనివాళ్లు ఏ వేళకు వచ్చినా బాగుంటుందో కింది రెండు వరుసలు చెబుతున్నాయి. మాసం, తిథి, నక్షత్రం, లగ్నం 11 పాయింట్లలో పైన ఉంటాయి.

వస్తారా అని అడగడమెలా?

'సకుటుంబ సపరివార సమేతంగా' పిలవడం మన పద్ధతి. మంచి మాటే గాని, ఇద్దరు వస్తారో ఎనిమిది మంది వస్తారో దాన్నిబట్టి తెలియదు. 'వస్తున్నదీ లేనిదీ తెలుపగలరు' అని అచ్చు వేస్తే, రాకపోయినా ఫరవాలేదన్నట్టు ధ్వనిస్తుందని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. అందుకే అడిగేది రాకను గురించి కాదు, మనం చేయాల్సిన ఏర్పాటు గురించి అయి ఉండాలి:

'బస, భోజన ఏర్పాట్ల కోసం మీరు ఎందరు వస్తున్నారో, ఏ పూటకు చేరుతారో, రైలులోనా, బస్సులోనా, సొంత బండిలోనా అన్నది మే 3, ఆదివారం సాయంత్రంలోగా ఈ నంబర్లకు తెలియజేయ ప్రార్థన.'

అడిగినవి మూడే: ఎందరు, ఎప్పుడు, ఎలా. మొదటిది వంటకు, రెండోది పడకలకు, మూడోది రాయచూరు స్టేషనుకో కూడలికో బండి పంపడానికి. గడువును వెనక్కి లెక్కకట్టి పెట్టాలి. బుధవారం సాయంత్రం నుంచి బంధువులు దిగుతారు. మంగళవారానికి సరుకులు ఇంటికి రావాలి. సోమవారం వంటవారికి లెక్క చెప్పాలి. కాబట్టి ఆదివారం.

నంబర్లు రెండు ఇవ్వండి. యజమాని నంబరు వద్దు, ఆ రోజు ఆయన పీటల మీద ఉంటారు. ఒకటి తెలుగు బాగా మాట్లాడేవారిది, ఇంకొకటి కన్నడ మాట్లాడేవారిది. నంబరు పక్కన 'తెలుగు', 'కన్నడ' అని రాయండి. పది అంకెలనూ ఐదు, ఐదుగా విడదీసి వేస్తే చదివి నొక్కడం తేలిక.

మన కుటుంబం 150 పత్రికలు వేయించి, 40 పొరుగూళ్లకు పంపిందనుకుందాం. ఆదివారానికి 28 ఇళ్లవాళ్లు చెప్పారు, మొత్తం 96 మంది. మిగతా 12 ఇళ్లకు సోమవారం పొద్దున ఫోన్ చేస్తే సరి. ఊళ్లోని 110 ఇళ్లవాళ్లు జవాబు చెప్పరు, చెప్పాలని ఎదురుచూడకూడదు. వాళ్ల లెక్క పిలవడానికి వెళ్లినప్పుడే వేసుకోవాలి.

పటం: చివరి మలుపులే ముఖ్యం

పటానికి పత్రిక వెనక పేజీలో ఏడు సెంటీమీటర్ల చదరం చాలు. అందులో దారంతా కొలత ప్రకారం గీస్తే రాయచూరు రోడ్డే చోటంతా తినేస్తుంది, ఇంటి దగ్గరి సందులు చుక్కలవుతాయి. దారి తప్పేది సందుల్లోనే. అందుకే రాయచూరు నుంచి కల్మల దాకా ఉన్న రోడ్డును పొట్టిగా గీసి, మధ్యలో రెండు అడ్డగీతలతో తెంపి, పక్కన కిలోమీటర్లు రాయండి. బండి మీద వెళ్లి మీటరు చూసి రాసుకున్న అంకె అయితే నమ్మకం. మిగతా చోటంతా కూడలి నుంచి ఇంటిదాకా ఉన్న దారికి ఇవ్వండి. కింద 'కొలత ప్రకారం గీసినది కాదు' అని ఒక ముక్క రాయండి.

కల్మల దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. రాయచూరు నుంచి వస్తుంటే పడమరగా సిర్వార్ మీదుగా లింగసుగూరుకు ఒకటి, ఎడమవైపు మాన్వి మీదుగా సింధనూరుకు ఒకటి. పటానికి ఈ చీలికే గుండెకాయ. కాబట్టి ముందు దాన్ని మధ్యలో లావుగా గీయండి. రెండు కొమ్మల చివరా ఏ ఊరికో రాయండి. ఇంటికి పోని కొమ్మను కూడా గీయాలి. అది లేకపోతే, తప్పు దారి పట్టినవాళ్లకు తప్పామని తెలిసే వీలుండదు.

రోడ్డు పక్క బోర్డుల మీద తెలుగు ఉండదు. పటంలో ప్రతి ఊరి పేరునూ తెలుగులో రాసి, దాని కిందే కన్నడంలోనూ రాయండి. కన్నడం చదవలేని బంధువు కూడా రెండు అక్షరాలనూ పోల్చుకుని బోర్డును గుర్తుపడతారు. పటం పక్కన రెండు వరుసలు ఉంటే మంచిది: 'రాయచూరులో లింగసుగూరు లేదా మాన్వి వైపు బస్సు ఎక్కాలి. ఎక్కేముందు కండక్టరును, కల్మల క్రాస్‌నల్లి నిల్లిస్తీరా? అని అడగండి.' ఎక్స్‌ప్రెస్ బస్సు అక్కడ ఆగకపోవచ్చు కాబట్టి ఈ ప్రశ్న అవసరం.

గుర్తులుగా కదలనివే పెట్టుకోవాలి: నీళ్ల ట్యాంకు, బడి, గుడి. టీ కొట్టు తెల్లవారుజామున మూసి ఉంటుంది, ఫ్లెక్సీ గాలికి పడిపోతుంది. ప్రతి మలుపు దగ్గరా ఒక గుర్తు ఉండాలి. మలుపు లేని చోట గుర్తు అక్కరలేదు. చివరికి 'ట్యాంకు దాటాక కుడివైపు రెండో ఇల్లు, తూర్పు ముఖం' అని రాస్తే సరిపోతుంది.

అచ్చుకు ముందు

తెలుగు మేటరును ఫోనులో పంపితే, ప్రెస్సులో పాత ఫాంటులోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోవచ్చు. అక్షరాలు కూర్చేవారికి కన్నడమే వస్తే ఆ తప్పు వారి కంటికి ఆనదు. ప్రూఫును కాగితం మీద తీసుకుని ఇంటికి తెచ్చి, బడిలో రెండు లిపులూ నేర్చుకుంటున్న మీ పిల్లల చేత ఒక్కో అక్షరం గట్టిగా చదివించండి. తేదీకీ వారానికీ పొత్తు కుదిరిందో లేదో క్యాలెండరులో చూడమనండి. ప్రూఫు మీద ఉన్న నంబర్లనే చూసి ఫోన్ చేయమనండి.

ఆ తర్వాత ప్రూఫును ఫొటో తీసి, ఆ ఇల్లు ఎప్పుడూ చూడని ఒకరికి పంపండి. కూడలిలో దింపి, ఎవరినీ అడగకుండా రమ్మనండి. ఆయన ఎక్కడ ఆగి దిక్కులు చూశారో అక్కడ పటంలో ఒక గుర్తు తక్కువైందన్నమాట. అది చేర్చి, అచ్చుకు ఇవ్వండి.