పెళ్లయింది, పాప పుట్టింది, పీఎఫ్‌లో నామినీ పేరు మాత్రం మారలేదు

హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసే 33 ఏళ్ల యువకుణ్ణి ఉదాహరణగా తీసుకుందాం. ఉద్యోగంలో చేరినప్పుడు పెళ్లి కాలేదు కాబట్టి అన్ని చోట్లా నామినీగా అమ్మ పేరు రాశాడు. 27వ ఏట 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకున్నాడు. ఆ తర్వాత పెళ్లయింది, ఇంటి కోసం 40 లక్షల రుణం తీసుకున్నాడు, నిరుడు పాప పుట్టింది, భార్య ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటోంది. పీఎఫ్‌లో 6 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 9 లక్షలు ఉన్నాయి. పొదుపు చేయడంలో ఇతనికి వంక పెట్టలేం. కానీ ఇల్లు మారిపోయినా కాగితాలు మాత్రం ఆరేళ్ల కిందటి బ్రహ్మచారివే. ఏటా చేసుకోవలసిన సమీక్ష అంటే ముఖ్యంగా ఆ తేడాను పట్టుకోవడమే. దాని గురించి మన ఇళ్లలో పాతుకుపోయిన అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: డబ్బు లెక్కలు చూసుకోవడానికి మార్చి నెల సరైనది.

మార్చిలో మనం చేసేది సమీక్ష కాదు, పన్ను తప్పించుకునే హడావుడి. 31వ తేదీ ముంచుకొస్తుంటే ఎవరో చెప్పిన పాలసీ మీద సంతకం పెట్టేస్తాం, ఆ ప్రీమియం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80సీ మినహాయింపే లేదు. అయినా అలవాటు కొద్దీ కొనేవాళ్లు ఉన్నారు.

ఏప్రిల్ మొదటి వారం మేలు. ఏ పన్ను విధానంలో ఉంటారో ఆఫీసు అడిగేది అప్పుడే. పీపీఎఫ్ ఖాతాలో ఏడాది మొత్తం ఒకేసారి వేయగలిగినవాళ్లు ఏప్రిల్ 5 లోపు వేస్తే ఆ నెల వడ్డీ కూడా దక్కుతుంది. ఎందుకంటే ఆ ఖాతాలో 5వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ లెక్కగడతారు.

అపోహ: ఏ ఫండ్ ఎంత పెరిగిందో చూసుకుంటే సమీక్ష అయిపోయినట్టే.

చూడాల్సింది ఏ ఫండ్ గెలిచిందో కాదు, మీరు అనుకున్న పాళ్లు నిలిచాయో లేదో. 10 లక్షల్లో 6 లక్షలు షేర్ల ఫండ్లలో, 4 లక్షలు స్థిరాదాయ పథకాల్లో ఉంచాలని నిర్ణయించుకున్నారనుకోండి. రెండు మంచి సంవత్సరాల తర్వాత షేర్ల వాటా 9 లక్షలు, స్థిరాదాయం 4.5 లక్షలు అయింది. అంటే 60 శాతం ఉండాల్సిన షేర్ల వాటా దాదాపు 67 శాతానికి చేరింది. మీరు ఎన్నడూ ఒప్పుకోని రిస్కు మీ చేతిలోకి వచ్చింది. మార్కెట్ పెరుగుతున్నంత కాలం అది కనిపించదు.

పాళ్లు 5 శాతానికి మించి జరిగినప్పుడే సరిచేస్తే చాలు. అప్పుడైనా వెంటనే అమ్మేయనక్కర్లేదు. షేర్ల ఫండ్లను ఏడాది దాటాక అమ్మితే, ఒక ఆర్థిక సంవత్సరంలో లాభం 1.25 లక్షలు మించిన మొత్తం మీద 12.5 శాతం పన్ను పడుతుంది. బదులుగా నెలకు 15,000 సిప్‌ను పది నెలల పాటు స్థిరాదాయం వైపు మళ్లిస్తే అక్కడ 6 లక్షలవుతాయి. ఈలోగా మార్కెట్ పెద్దగా కదలకపోతే పాళ్లు మళ్లీ 60:40కి వస్తాయి.

అపోహ: ఈఎంఐ మారలేదు కాబట్టి ఇంటి రుణం సరిగ్గానే నడుస్తోంది.

ఈఎంఐ కదలకుండానే అప్పు సాగిపోవచ్చు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకున్న 40 లక్షల రుణానికి నెలకు సుమారు 34,700 కట్టాలి. వడ్డీ మొదట్లోనే 9.5 శాతానికి పెరిగి, బ్యాంకు అదే ఈఎంఐ కొనసాగిస్తే 240 వాయిదాలు 309 వరకు వెళతాయి. ఖాతాలోంచి పోయే మొత్తం ఒకటే, ఐదున్నరేళ్లకు పైగా అదనంగా పోతూనే ఉంటుంది.

అందుకే సమీక్షలో చూడాల్సిన అంకె ఈఎంఐ కాదు, మిగిలిన వాయిదాల సంఖ్య. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా అన్న ఎంపికను రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. జీతం పెరిగిన ఏడాది ఈఎంఐని కాస్త పెంచమని బ్యాంకుకు రాసివ్వండి.

అపోహ: నామినీ పేరు ఒకసారి రాస్తే చాలు, డబ్బు వాళ్లదే.

ఇందులో రెండు పొరపాట్లున్నాయి, రెండూ ఆడవాళ్లనూ పిల్లలనూ ఇబ్బంది పెట్టేవే.

మొదటిది పీఎఫ్. పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. పీఎఫ్ నిబంధనలే అలా చెబుతున్నాయి. కుటుంబం ఏర్పడ్డాక కుటుంబ సభ్యులనే మళ్లీ నామినీలుగా రాయాలి. మన ఉదాహరణలో యువకుడు అమ్మ పేరు రాసి నిశ్చింతగా ఉన్నాడు కానీ, ఆ నామినేషన్ మూడు ముళ్లతోనే రద్దయింది. చెల్లే నామినేషన్ లేకపోతే ఆ డబ్బు నిబంధనల ప్రకారం కుటుంబ సభ్యులకు సమానంగా పంచుతారు. ఎవరెవరు కుటుంబమో రుజువు చేసుకోవడానికి వాళ్లు కార్యాలయాల చుట్టూ తిరగాలి. సరిచేయడం కష్టమేమీ కాదు. యూఏఎన్‌తో సభ్యుల పోర్టల్‌లోకి వెళ్లి, ఇ-నామినేషన్‌లో భార్య, పాప, తన మీద ఆధారపడిన అమ్మ వివరాలు ఎక్కించి వాటాలు రాయాలి. చివర్లో ఆధార్ ఓటీపీతో ఇ-సంతకం చేయాలి. చాలామంది వివరాలు నింపి అక్కడే ఆపేస్తారు. ఇ-సంతకం కానిదే నామినేషన్ పూర్తికాదు. కాబట్టి చివరికి వచ్చే పత్రాన్ని డౌన్‌లోడ్ చేసి భార్యకు పంపి ఉంచాలి.

రెండోది హక్కు. బ్యాంకు డిపాజిట్లకు, షేర్లకు, మ్యూచువల్ ఫండ్లకు నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే. యజమాని ఎవరన్నది వారసత్వ చట్టమో, వీలునామానో తేలుస్తుంది. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు శక్తి యెజ్దాని కేసులో షేర్ల విషయంలో ఈ మాట మరోసారి స్పష్టం చేసింది. జీవిత బీమాకు మాత్రం మినహాయింపు ఉంది. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులను, జీవిత భాగస్వామిని, పిల్లలను నామినీగా రాస్తే ఆ డబ్బు మీద హక్కు కూడా వాళ్లదే.

మన యువకుడు వీలునామా లేకుండా పోయాడనుకోండి. హిందూ వారసత్వ చట్టం కింద ఆ 9 లక్షల ఫండ్లలో భార్యకు, పాపకు, అమ్మకు సమాన వాటాలు, అంటే మూడేసి లక్షలు వస్తాయి. నామినీగా ఎవరి పేరున్నా అంతే. తండ్రి బతికే ఉన్నా, వీళ్లు ఉండగా ఆయనకు వాటా రాదు. ఈ పంపకం మీకు సమ్మతమైతే సరే, కాకపోతే వీలునామా రాయాలి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండి తీరాలి. ఆ ఇద్దరూ ఆస్తి పొందేవాళ్లు కాకుండా చూసుకోండి.

అపోహ: బిడ్డ పుట్టగానే బిడ్డ పేరున పాలసీ తీసుకోవాలి.

ముందు బీమా ఉండాల్సింది సంపాదించే మనిషి మీద. పొదుపు కలిసిన పాలసీకి ఏటా లక్ష కడితే, సాధారణంగా రక్షణ 10 లక్షల దగ్గరే ఆగిపోతుంది. ఈ కుటుంబానికి ఎంత కావాలో లెక్క వేద్దాం.

ఈఎంఐ కాక ఇంటి ఖర్చు నెలకు 40,000, ఏడాదికి 4.8 లక్షలు. పాప కాళ్ల మీద నిలబడేదాకా 20 ఏళ్లనుకుంటే 96 లక్షలు. డబ్బు మీద వచ్చే వడ్డీ ధరల పెరుగుదలకు సరిపోతుందనుకుని సూటిగా హెచ్చవేశాం. రుణం 40 లక్షలు, చదువుకు నేటి ధరల్లో 25 లక్షలు కలిపితే మొత్తం 161 లక్షలు. చేతిలో ఉన్నవి 15 లక్షలు, పాత పాలసీ 50 లక్షలు తీసేస్తే లోటు 96 లక్షలు. అంటే ఇంకో కోటి రూపాయల టర్మ్ పాలసీ కావాలి. భార్య మళ్లీ ఉద్యోగంలో చేరితే వచ్చే ఏప్రిల్ సమీక్షలో ఈ లెక్క తగ్గుతుంది. రుణం కరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది.

పాత పాలసీని వదలకూడదు. తక్కువ వయసులో తీసుకున్నది కాబట్టి దాని ప్రీమియం తక్కువే. కొత్త దరఖాస్తులో దాని వివరాలు తప్పక రాయాలి. దాచిపెట్టడం తర్వాత క్లెయిమ్ తిరస్కరణకు కారణం కావచ్చు. కొత్త పాలసీని వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటే, ఆ డబ్బు భార్యాబిడ్డల కోసం ట్రస్టుగా ఉంటుంది, అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. అయితే ఈ ఏర్పాటు పాలసీ తీసుకునేటప్పుడే చేసుకోవాలి, పాత పాలసీకి తర్వాత తగిలించడం కుదరదు.

పాప చదువు కోసం దాచేది వేరే దారి. సుకన్య సమృద్ధి కొంత, సిప్ కొంత. బీమాను, దాచుకోవడాన్ని ఒకే సంచిలో వేయకపోతే ఏది ఎంతుందో ఏటా తేలిగ్గా కనిపిస్తుంది.

అపోహ: పెద్ద మార్పు వచ్చినప్పుడు ప్లాన్ మొత్తం వెంటనే మార్చేయాలి.

కొన్ని పనులు వెంటనే చేయాలి, కొన్ని ఆలస్యంగానే చేయాలి. ముఖ్యంగా ఇంట్లో సంపాదించే మనిషి పోయినప్పుడు. ఆ ఇంటికి బీమా డబ్బు వస్తుంది, దాని వెనకే బంధువుల సలహాలు వస్తాయి. ఒకరు స్థలం కొనమంటారు, ఇంకొకరు అధిక రాబడి పథకం చూపిస్తారు. దుఃఖంలో ఉన్న మనిషి చేత సంతకాలు పెట్టించుకోవడం సులువు. కనీసం ఆరు నెలలు ఆ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనే ఉంచండి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి డిపాజిట్ బీమా 5 లక్షల వరకే కాబట్టి, మొత్తాన్ని ఒకే చోట పెట్టకుండా కొన్ని బ్యాంకులకు పంచండి. రుణం తీర్చాలా, ఉన్న ఇంట్లోనే ఉండాలా అన్నవి ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

ఆగకుండా చేయాల్సింది క్లెయిములు. ఉద్యోగంలో ఉండగా చనిపోతే పీఎఫ్ కార్యాలయం నుంచి రావాల్సినవి మూడు: పీఎఫ్ నిల్వ, గరిష్ఠంగా 7 లక్షల వరకు ఉండే ఈడీఎల్ఐ బీమా, భార్యకూ పిల్లలకూ నెలవారీ పింఛను. ఆ పింఛనుకు పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, పింఛను పథకానికి ఒక్క నెల చందా జమైనా అర్హత ఉంటుంది. చాలా కుటుంబాలు మొదటిది తీసుకుని, మిగిలిన రెండూ ఉన్నాయని తెలియక ఊరుకుంటాయి. వీటి పేర్లు, యూఏఎన్ నంబరు, పాలసీ నంబర్లు, రుణ ఖాతా నంబరు ఒక కాగితం మీద రాసి, అది ఎక్కడుందో ఈ ఏప్రిల్‌లోనే భార్యకు చూపించండి.