నిష్పత్తి 1 దగ్గర చిక్కుముడి

1 + 1/2 + 1/3 + 1/4 అంటూ కూడుకుంటూ పోతే మొత్తం చాలా మెల్లగా పెరుగుతుంది. పది పదాలకు సుమారు 2.93 అవుతుంది. అది 10 దాటాలంటే 12,367 పదాలు కూడాలి. పది లక్షల పదాలు కూడినా 14.39 దగ్గరే ఉంటుంది. ఇక ఎక్కడో ఒకచోట ఆగిపోతుందనిపించడం సహజమే, కానీ ఆగదు. ఏ సంఖ్య చెప్పినా, ఎంత ఆలస్యంగానైనా, దాన్ని దాటిపోతుంది. అదే హారాలను వర్గాలు చేసి 1 + 1/4 + 1/9 + 1/16 అని కూడితే మొత్తం 1.645 దాటదు. మొదటిది అపసరించే శ్రేణి, రెండోది అభిసరించే శ్రేణి.

రెండింటిలోనూ పదాలు సున్నాకే చేరుతున్నాయి. డిగ్రీ గణితంలో అనంత శ్రేణుల అధ్యాయం చదివేవారు మొట్టమొదట పడే గుంట ఇదే. పదాలు సున్నాకు చేరకపోతే శ్రేణి తప్పకుండా అపసరిస్తుంది. అంతమాత్రాన, సున్నాకు చేరితే అభిసరిస్తుందనడానికి లేదు. పదాలు సున్నాకు చేరుతున్నాయా లేదా అన్నది కాదు, ఎంత వేగంగా చేరుతున్నాయన్నదే అసలు ప్రశ్న.

ఆ వేగాన్ని పట్టుకోవడానికి పాత ఉపాయం పోలిక. పద్నాలుగో శతాబ్దపు ఫ్రెంచి పండితుడు నికోల్ ఒరేమ్ చేసిందీ అదే. 1/3, 1/4 కలిపితే 1/2 కంటే ఎక్కువ, ఎందుకంటే రెండూ 1/4కు తగ్గవు. 1/5 నుంచి 1/8 వరకు ఉన్న నాలుగూ 1/8కి తగ్గవు కాబట్టి వాటి మొత్తం కూడా 1/2 కంటే ఎక్కువే. ఆ తర్వాతి ఎనిమిది పదాలదీ అదే తీరు. ఇలా సగాలు పుట్టుకొస్తూనే ఉంటాయి గనుక మొత్తానికి హద్దు లేదు.

పాఠ్యపుస్తకంలోని పోలిక పరీక్ష ఈ ఆలోచనకే నియమరూపం. పదాలన్నీ ధనాత్మకంగా ఉన్నప్పుడు, అభిసరించే శ్రేణి కంటే చిన్నది అభిసరిస్తుంది. అపసరించే శ్రేణి కంటే పెద్దది అపసరిస్తుంది. మార్కులు పోయేది దిక్కు తారుమారైనప్పుడు. ఉదాహరణకు 1/(n+√n) పదంగా ఉన్న శ్రేణి ఇచ్చారనుకుందాం. ‘ఇది 1/n కంటే చిన్నది, 1/n శ్రేణి అపసరిస్తుంది, కాబట్టి ఇదీ అపసరిస్తుంది’ అని రాసేవారు ఎందరో. చివరి మాట నిజమే, కానీ అక్కడికి చేరిన దారి చెల్లదు. 1/n² కూడా 1/n కంటే చిన్నదే కదా, అది అభిసరిస్తుంది! సరైన జవాబుకు కింది నుంచి ఆసరా కావాలి. √n ఎప్పుడూ n కంటే మించదు కాబట్టి n+√n అనేది 2n కంటే మించదు. అంటే ప్రతి పదం 1/(2n)కు తగ్గదు. అపసరించే శ్రేణిలో సగం కూడా అపసరించేదే గనుక ఇప్పుడు నిర్ణయం చెల్లుతుంది.

పోలికకు ఎదురుగా తగిన జోడీ దొరకాలి. ఆ వెతుకులాట లేకుండా శ్రేణిని దాని పదాలతోనే పరీక్షించేది నిష్పత్తి పరీక్ష. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు దలాంబేర్ పేరు మీద ఇది ప్రసిద్ధం. తర్వాతి పదాన్ని ముందు పదంతో భాగించి, n పెరిగేకొద్దీ ఆ భాగఫలం దేనికి చేరుతుందో చూడాలి. ఆ అవధి 1 కంటే తక్కువైతే అభిసరణ, ఎక్కువైతే అపసరణ.

నిజానికి ఇదీ పోలికే, కాకపోతే ఎదుట ఉన్నది గుణశ్రేఢి. ఒక పదం నుంచి మొదలుపెట్టి నిష్పత్తులన్నీ 0.9 లోపే ఉన్నాయనుకుంటే, ప్రతి పదం ముందుదానిలో పదింట తొమ్మిది వంతులకు మించదు. అప్పుడు ఆ పదం నుంచి మిగిలిన మొత్తం, ఆ పదానికి పది రెట్లు దాటదు. ఇక్కడ పని చేస్తున్నది 1కి దిగువన కదలకుండా ఉన్న 0.9 అనే గీత. ప్రతి నిష్పత్తీ 1 కంటే తక్కువగా ఉంటే చాలదు. 1/n శ్రేణిలో నిష్పత్తి n/(n+1). అది ఎప్పుడూ 1 కంటే తక్కువే, కానీ 99/100, 999/1000 అంటూ ఏ గీత గీసినా దాటి 1కి చేరిపోతుంది. 1/n² నిష్పత్తి కూడా 1కే చేరుతుంది. ఒకటి అపసరించేది, మరొకటి అభిసరించేది. అందుకే అవధి 1 వచ్చిందంటే పరీక్ష ఏమీ చెప్పలేదని అర్థం. n ఘాతాలు, వర్గమూలాలు మాత్రమే ఉన్న పదాలకు ఎప్పుడూ ఇదే వస్తుంది కాబట్టి అక్కడ నేరుగా పోలికకు పోవడమే మేలు. ఫ్యాక్టోరియల్, 2ⁿ, nⁿ లాంటివి కనబడితే నిష్పత్తి అందుకోవాలి.

పరీక్షల్లో తరచూ కనిపించే n!/nⁿ తీసుకుందాం. తర్వాతి పదం (n+1)!/(n+1)ⁿ⁺¹. భాగించి కొట్టివేతలు చేస్తే మిగిలేది (n/(n+1))ⁿ. ఇక్కడ చెయ్యి జారుతుంది. ‘n/(n+1) అవధి 1, ఒకటికి ఏ ఘాతమైనా ఒకటే, కాబట్టి పరీక్ష పనికిరాదు’ అని రాసేస్తారు. లోపల n పెరుగుతూంటే పైన ఘాతమూ దానితోపాటే పెరుగుతోంది. లోపలిదాన్ని ముందుగా 1 చేసేసి ఘాతాన్ని వదిలేయడం కుదరదు. విలువలు వేసి చూస్తే గుట్టు తెలిసిపోతుంది: n = 1కి 0.5, n = 10కి 0.386, n = 100కి 0.370. ఇవి చేరేది 1/eకి, అంటే సుమారు 0.368కి. అది 1 కంటే తక్కువ గనుక శ్రేణి అభిసరిస్తుంది.

ఇదే కుదురులోంచి మరో వల వస్తుంది. 1/n^(1+1/n) శ్రేణిలో ఘాతం ఎప్పుడూ 1 కంటే ఎక్కువ. p విలువ 1 దాటితే 1/nᵖ శ్రేణి అభిసరిస్తుందన్న నియమం గుర్తొచ్చి ‘అభిసరిస్తుంది’ అని రాసేస్తారు. ఆ నియమంలో p మారని సంఖ్య. ఇక్కడి ఘాతం nతో పాటు కదులుతోంది. n ఎప్పుడూ 2ⁿ కంటే తక్కువ కాబట్టి n^(1/n) విలువ 2 కంటే తక్కువ. అంటే హారం 2n లోపే, పదం 1/(2n) కంటే పెద్దది. శ్రేణి అపసరిస్తుంది.

మళ్లీ n!/nⁿ దగ్గరికొస్తే, ప్రశ్నపత్రం కూర్చేవారు దాన్ని ఇంకో మెలిక తిప్పుతారు. 2ⁿతో గుణిస్తే అవధి 2/e, దాదాపు 0.74, అభిసరణ. 3ⁿతో గుణిస్తే 3/e, దాదాపు 1.10, అపసరణ. మరి eⁿతో గుణిస్తే? అవధి సరిగ్గా 1. పరీక్ష చేతులెత్తేసిందని కలం కింద పెట్టనక్కర్లేదు. అవధిని వదిలి నిష్పత్తినే చూడాలి. అది e × (n/(n+1))ⁿ. (1+1/n)ⁿ ఎప్పుడూ e కంటే తక్కువ కాబట్టి ఈ నిష్పత్తి ప్రతిసారీ 1 కంటే ఎక్కువే. మొదటి పదం e, అంటే 2.718, అక్కడి నుంచి ప్రతి పదం ముందుదాని కంటే పెద్దది. సున్నాకే చేరని ఆ పదాల శ్రేణి అపసరిస్తుందని తేల్చడానికి రెండు వాక్యాలు చాలు.