షట్టరు పక్కన ఏ సరుకు?

కిరాణా కొట్లకు సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో పొద్దుటిపూట హడావిడి అంతా ఇంతా కాదు. సేల్స్‌మ్యాన్లు ముందురోజు తెచ్చిన ఆర్డర్లకు గుమాస్తా బిల్లులు కొట్టి ఉంచుతాడు. కుర్రాళ్లు ఒక్కో బిల్లు పట్టుకుని లోపలికి వెళ్లడం, అట్టపెట్టె భుజాన వేసుకుని రావడం, షట్టరు దగ్గర దించి మళ్లీ లోపలికి వెళ్లడం. బయట ఆటో డ్రైవరు హారన్ కొడుతూనే ఉంటాడు. ఈ పనిలో పెట్టె ఎత్తడానికీ దించడానికీ పట్టే సమయం తక్కువే. మిగతాదంతా నడక.

ఆ నడక ఎంత అన్నది సరుకు ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టే ఉంటుంది. చాలా గోడౌన్లలో కంపెనీల వారీగా సర్దుతారు. ఈ కంపెనీ ఈ వరస, ఆ కంపెనీ ఆ వరస. స్టాకు లెక్క చూసుకోవడానికి అది బాగుంటుంది. కానీ సరుకు తెచ్చే కుర్రాడికి కంపెనీతో పనిలేదు. అతనికి కావలసింది ఎక్కువసార్లు అడిగేది దగ్గరగా ఉండడం.

ఒక చిన్న గోడౌన్ ఊహించుకుందాం. తలుపు నుంచి 2, 4, 6, 8, 10 మీటర్ల దూరంలో అయిదు ర్యాకులు. రోజుకు మొత్తం 100 సార్లు లోపలికి వెళ్లాలి: నూనె ప్యాకెట్ల కోసం 40 సార్లు, బట్టల సబ్బుకు 25, టీ పొడికి 15, బిస్కెట్లకు 12, చీపుళ్లకు 8. ప్రస్తుతం తలుపు పక్కన చీపుళ్లు, తర్వాత టీ పొడి, సబ్బు, బిస్కెట్లు, చివర్న నూనె ఉన్నాయి. ఒక్కో సరుకుకు ఎన్నిసార్లు వెళ్లాలో దాన్ని దూరంతో హెచ్చవేసి కూడితే రోజుకు 722 మీటర్లు. ఇది వెళ్లడానికే, తిరిగి రావడానికి మళ్లీ అంత. అవే ర్యాకుల్లో ఎక్కువసార్లు అడిగేదాన్ని ముందుకు తెచ్చి నూనె, సబ్బు, టీ పొడి, బిస్కెట్లు, చీపుళ్లు అన్న వరసలో పెడితే 446 మీటర్లకు దిగుతుంది. కొత్త ర్యాకు కొనలేదు, కొత్త మనిషిని పెట్టలేదు, నడక మూడో వంతుకు పైగా తగ్గింది.

ఇంతకంటే మంచి వరస ఉండదా? ఉండదు. దగ్గరి ర్యాకులో తక్కువసార్లు అడిగే సరుకు, దూరపు ర్యాకులో ఎక్కువసార్లు అడిగేది ఉంటే ఆ రెంటినీ తారుమారు చేసినప్పుడల్లా మొత్తం నడక తగ్గుతుంది. తారుమారు చేయడానికి అలాంటి జత ఒక్కటీ మిగలని వరసే అన్నిటికంటే తక్కువది.

అసలు తప్పు జరిగేది లెక్కలో కాదు, దేన్ని లెక్కపెట్టాలన్న దానిలో. యజమానికి అమ్మకం అంటే డబ్బు. నెలాఖరు రిపోర్టులో పైన కనిపించేది ఎక్కువ రూపాయలు తెచ్చిన సరుకు. గోడౌన్ సర్దుకోవడానికి ఆ రిపోర్టు పనికిరాదు. ఒక హోటల్‌వాళ్లు నెలకోసారి ట్రాలీ తెచ్చుకుని 50 డబ్బాలు ఒకేసారి పట్టుకుపోతే అది ఒక్క రాకపోకే. అదే 50 డబ్బాలను 50 కొట్లవాళ్లు ఒక్కోటి చొప్పున అడిగితే 50 రాకపోకలు. రూపాయలు సమానం, కాళ్లకు మాత్రం కాదు. కాబట్టి చూడాల్సింది ఆ సరుకు ఎన్ని బిల్లుల్లో వచ్చిందన్నది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట ఇది కష్టమేమీ కాదు. లేనిచోట కొన్ని వారాల బిల్లు పుస్తకాలు ముందేసుకుని గీతలు గీసుకున్నా తేలిపోతుంది. ఆ మాటకొస్తే గోడౌన్ నేలే కొంత చెబుతుంది. షట్టరు పక్కన దారికి అడ్డంగా, ఏ ర్యాకుకూ చెందకుండా ఎప్పుడూ కొన్ని పెట్టెలు పేర్చి ఉంటాయి. యజమాని వాటిని చూసి కేకలేస్తాడు కానీ, చాలాసార్లు ఆ పెట్టెలు కుర్రాళ్లు నడవలేక తమంతట తాము వేసుకున్న లెక్క.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్ని సరుకులూ ఒకే చోటు ఆక్రమిస్తే పై లెక్క సరిపోతుంది. చిప్స్ పెట్టెల కోసం రోజుకు 40 సార్లు వెళ్తారు గానీ వాటికి నాలుగు ర్యాకులు కావాలి. అగ్గిపెట్టెల కోసం 15 సార్లే, ఒక్క ర్యాకు చాలు. చిప్స్‌కే పెద్దపీట వేసి ముందు పెడితే అగ్గిపెట్టెలు పదో మీటరుకు పోతాయి. నడక 350 మీటర్లు. అగ్గిపెట్టెలను తలుపు పక్కన పెట్టి చిప్స్‌ను వెనక్కి జరిపితే 310. తక్కువసార్లు అడిగేదే ముందుండాలన్నమాట. సరుకు పట్టే చోటును దాని కోసం వెళ్లే రాకపోకలతో భాగించి, ఆ అంకె చిన్నగా వచ్చిన దాన్ని ముందు పెట్టాలని జేమ్స్ హెస్కెట్ అనే అమెరికన్ 1963లో సూచించాడు. ‘క్యూబ్ పర్ ఆర్డర్ ఇండెక్స్’ పేరుతో ఇప్పటికీ గోడౌన్ల నిర్వహణ పాఠాల్లో అది ఉంటుంది.

లెక్క చెప్పినా వినకూడని సందర్భాలూ ఉన్నాయి. మన వరసలో సబ్బు పక్కనే టీ పొడి వచ్చింది. టీ పొడి వాసన ఇట్టే పట్టేస్తుంది. సబ్బు వాసనొచ్చే టీ తాగిన ఖాతాదారు మళ్లీ ఆ కొట్టుకు రాడు. సబ్బును మొదటి ర్యాకుకు, నూనెను రెండో ర్యాకుకు మారిస్తే నడక 476 అవుతుంది. 30 మీటర్లు ఎక్కువైనా భరించాల్సిందే. ఒకేలా కనిపించే ప్యాకెట్లను పక్కపక్కన పెట్టినా చిక్కే, పొరపాటున ఒకటి పోయి ఇంకోటి వస్తుంది. పెద్ద గోడౌన్లలో ఇంకో సమస్య. జోరుగా కదిలే సరుకంతా ఒకే సందులో చేరితే పదిమందీ అక్కడే గుమిగూడి ఒకరినొకరు తోసుకుంటారు. అప్పుడు వాటిని తలుపుకు దగ్గర్లోనే రెండు మూడు వరసలకు పంచడం మేలు.

సూపర్‌మార్కెట్‌లో పాలు వెనక గోడ దగ్గర ఉండడం చూసి ఈ సూత్రం తప్పనుకోనక్కర్లేదు. అక్కడ నడిచేది జీతగాడు కాదు, కొనేవాడు. అతను నడిచేకొద్దీ దారిలో ఇంకేవో బుట్టలో పడతాయని యజమాని ఆశ. వెనకున్న చల్లటి గది నుంచి పాలు నింపుకోవడం కూడా అక్కడైతేనే తేలిక. అమెజాన్ 2012లో కివా సిస్టమ్స్ అనే రోబోల కంపెనీని కొని అసలు మనిషి నడకనే తీసేసే దారి పట్టింది. అక్కడ రోబో ర్యాకును ఎత్తుకుని మనిషి దగ్గరికి తెస్తుంది.

మామూలు గోడౌన్‌కు అంత హంగు అక్కర్లేదు గానీ వరస పాతబడకుండా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ పెట్టే రోజులొస్తే కారం, ఆవపిండి, మెంతులు, పప్పునూనె ఒక్కసారిగా ముందుకొస్తాయి. పైగా నాలుగూ ఒకే బిల్లులో వస్తాయి కాబట్టి ఒకే చోట ఉంటే ఒక్క విడతలో తేవచ్చు. మార్చి బిల్లులు చూస్తే ఇది తెలియదు. నిరుటి ఏప్రిల్ బిల్లులు చూడాలి.

అలాగని అంకె మారినప్పుడల్లా పెట్టెలు జరపనక్కర్లేదు. బిస్కెట్లు 12, చీపుళ్లు 8 అనుకున్నాం కదా. పక్కపక్కనున్న ఆ రెంటి చోట్లు మారిస్తే రాకపోకలు రెండూ కలిపి రోజుకు మిగిలేది 16 మీటర్లే. దాని కోసం హమాలీలకు పూట కూలి ఇవ్వడం దండగ. చివరి ర్యాకులో ఉన్న నూనెనూ, తలుపు పక్కనున్న చీపుళ్లనూ మారిస్తే మాత్రం 512 మీటర్లు మిగులుతాయి. సర్దుడు మొదలుపెట్టాల్సింది అలాంటి జత దగ్గర.