రోజూ తినేదే పడదంటున్న రిపోర్టు

అన్నం తిన్న గంటకల్లా కడుపు ఉబ్బిపోవడం, గ్యాస్, ఒకరోజు విరేచనాలు, మరోరోజు మలబద్ధకం. ఏళ్లుగా ఇలా అవస్థపడుతున్న ఒకావిడ వేలు ఖర్చుపెట్టి ఫుడ్ ఇన్‌టాలరెన్స్ రక్తపరీక్ష చేయించుకుందనుకుందాం. రిపోర్టులో గోధుమ, పాలు, కందిపప్పు, గుడ్డు ఎర్రరంగులో ఉన్నాయి. ఉల్లిపాయ మాత్రం పచ్చరంగులో ఉంది. ఎర్రవన్నీ మానేయాలట. ఆ ఎర్ర జాబితాను ఆవిడ నెలసరుకుల చీటీ పక్కన పెట్టి చూస్తే చాలావరకు ఒకటే.

అలా ఉండటానికి కారణముంది. ఈ పరీక్షల్లో చాలావరకు కొలిచేది ఐజీజీ అనే యాంటీబాడీని. తిన్న ఆహారంలోని ప్రోటీన్లు కొద్దికొద్దిగా పేగు గోడ దాటి రక్తంలోకి చేరతాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని గుర్తుపెట్టుకుని ఐజీజీని తయారుచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ ఇది జరిగేదే. ఇందులో ఐజీజీ4 అనే రకమైతే శరీరం ఆ ఆహారానికి అలవాటుపడుతోందనడానికి సూచన. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలకు డాక్టర్లు దాన్ని అతి కొద్ది మోతాదుల్లో తినిపిస్తూ అలవాటు చేసే చికిత్సలో ఇదే పెరుగుతుంది. అందుకే యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లో, కెనడా సంఘం 2012లో ఈ పరీక్షలు వద్దని స్పష్టంగా చెప్పాయి.

ఆవిడ కడుపుబాధకు కారణాలు వేరేచోట ఉండొచ్చు. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని అరిగించే ఎంజైమ్ పెద్దవాళ్లలో చాలామందికి తక్కువ. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలుంటాయి. ఇవి ఎవరి చిన్నపేగులోనూ అరగవు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ పుడుతుంది, పేగు సున్నితమైనవారికి అదే నొప్పవుతుంది. ఇవేవీ ప్రోటీన్లు కావు కాబట్టి ఐజీజీ పరీక్షకు అందవు. రిపోర్టు చూసి పాలు, గోధుమ మానేసినవారికి కొన్నిసార్లు నిజంగానే హాయిగా ఉంటుంది. లాక్టోజ్, ఫ్రక్టాన్లు తగ్గినందుకు వచ్చిన ఆ ఉపశమనాన్ని చూసి గుడ్డునూ జీవితాంతం వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే, ముఖ్యంగా ఎదిగే పిల్లల విషయంలో.

సరైన దారి ఆహారాన్ని ఆపి, మళ్లీ ఒక్కొక్కటిగా తిని చూడటం. దానికి ముందు డాక్టరును కలవాలి. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే ఆహార ప్రయోగాలతో కాలయాపన చేయకూడదు. సీలియాక్ వ్యాధి పరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయించుకోవాలి, మానేశాక చేయిస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. పెదాలు వాయడం, దద్దుర్లు, ఆయాసం వచ్చినవారిది అసలైన అలర్జీ కావచ్చు. వారు అనుమానమున్న పదార్థాన్ని ఇంట్లో తిని చూడనేకూడదు.

ఆవిడ మొదట ఓ వారం మామూలుగానే తింటూ ఏం తిన్నదీ, ఎప్పుడు ఏ బాధ వచ్చిందీ రాసుకుంటుంది. తర్వాత డైటీషియన్ సలహాతో రెండు నుంచి ఆరు వారాలు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పెరుగు, కందిపప్పు ఆపుతుంది. అన్నం, గుడ్డు, చేప, వంకాయ, బెండకాయ, వెల్లుల్లి లేని చారు తినవచ్చు. ఇక్కడ చాలామంది తప్పేది దాగి ఉన్నవాటి దగ్గరే. బజారు సాంబారు పొడిలో వెల్లుల్లి ఉండొచ్చు, చాలా రకాల ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది. ఆరు వారాలైనా మార్పు లేకపోతే సమస్య వీటిది కాదని గ్రహించి మామూలు భోజనానికి వచ్చేయాలి.

మార్పు కనిపిస్తే అసలు పని అప్పుడు మొదలవుతుంది. మిగతావన్నీ ఆపి ఉంచి, ఒక్కదాన్నే మూడు రోజులు పెంచుతూ తినాలి. పాలైతే పావు గ్లాసు, అర గ్లాసు, గ్లాసు. బాధ మొదలైతే అక్కడే ఆపాలి. తర్వాత రెండుమూడు రోజులు విరామమిచ్చి, కడుపు కుదుటపడ్డాకే రెండోది. భయంతో తిన్నా కడుపు ఉబ్బుతుంది కాబట్టి, అనుమానం మిగిలితే ఇంట్లో మరొకరు లాక్టోజ్ తీసేసిన పాలో, మామూలు పాలో చెప్పకుండా ఇచ్చి చూడవచ్చు.

మన ఉదాహరణలో ఆవిడకు అర గ్లాసు పాలు పడ్డాయి, గ్లాసు తాగితే ఉబ్బరం. రెండు పుల్కాలు, కప్పు పప్పు ఇబ్బంది పెట్టలేదు. రిపోర్టు పచ్చరంగు వేసిన ఉల్లిపాయ మాత్రం రెండో రోజే నొప్పి తెచ్చింది. వెల్లుల్లీ అంతే. ఇప్పుడు ఆవిడ తాలింపులో వెల్లుల్లి రెబ్బల్ని నూనెలో వేయించి, మరేదీ వేయకముందే తీసేస్తుంది. ఫ్రక్టాన్లు నూనెలో కరగవు, వాసన మాత్రం నూనెకు పడుతుంది. చారులో వేసి తీసేస్తే కుదరదు, నీళ్లలో అవి కరిగిపోతాయి. కొన్ని నెలల తర్వాత కొద్దిపాటి ఉల్లిపాయతో మళ్లీ పరీక్షించుకోవాలి. పేగు ఓర్చుకునే మోతాదు కాలంతో మారుతుంటుంది.