స్పెసిఫికేషన్ పత్రం నుంచి దృశ్య వర్ణనకు: ప్రెషర్ కుక్కర్ ఉదాహరణ

ఒక వస్తువు స్పెసిఫికేషన్ పత్రాన్ని ఉన్నదున్నట్లు ప్రాంప్టుగా ఇచ్చి బొమ్మ తయారుచేయమంటే, ఏఐ మోడల్ తరచుగా ఆ వస్తువును కాక ఆ కోవకు చెందిన ఏదో ఒక వస్తువును చూపిస్తుంది. పత్రంలో లేని మీటలు, గాజు మూత, అంకెల తెర వంటివి అందులో చేరిపోతాయి. ఎందుకిలా జరుగుతుంది? ఈ పత్రాన్ని కొనేవారి కోసం, తనిఖీ చేసేవారి కోసం రాస్తారు. చూసే కంటి కోసం రాయరు. కంటికి కావలసిన వివరం లేనిచోట, మోడల్ తన శిక్షణలో ఎక్కువగా ఎదురైన రూపాన్ని తెచ్చి నింపుతుంది.

మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌నే తీసుకుందాం. పత్రంలో ఇలా ఉందనుకోండి: సామర్థ్యం 3 లీటర్లు, లోపలి వ్యాసం 18 సెం.మీ., లోపలి ఎత్తు 12 సెం.మీ., అల్యూమినియం, బయటి మూత, రబ్బరు గాస్కెట్, విజిల్, సేఫ్టీ వాల్వ్, బేకలైట్ పిడులు, ఇండక్షన్ అడుగు, ఐఎస్ఐ గుర్తు, 5 ఏళ్ల వారంటీ.

ప్రతి అంశం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: మూత పెట్టిన కుక్కర్‌ను ఎదురుగా నిలబడి చూస్తే ఇది కనిపిస్తుందా? గాస్కెట్ మూత లోపల ఉంటుంది. ఆ మాట ప్రాంప్టులో ఉంటే, బయట ఎర్రటి రబ్బరు వలయం ప్రత్యక్షం కావచ్చు. ఇండక్షన్ అని రాస్తే కుక్కర్ కింద ఒక పొయ్యి వచ్చి కూర్చోవచ్చు. వారంటీ అంటే బంగారు రంగు ముద్ర. కాబట్టి ఈ మూడింటినీ వదిలేయాలి. అవి నిజం కాకపోవడం వల్ల కాదు, కంటికి కనబడకపోవడం వల్ల.

ఇక కనబడేవాటిని పని పేరుతో కాక ఆకారం, సంఖ్య, స్థానంతో చెప్పాలి. ‘సేఫ్టీ వాల్వ్’ అన్నది పని పేరు. దాన్ని చదివి మోడల్ చక్రం ఉన్న పెద్ద కవాటాన్నో, ముల్లు తిరిగే పీడన మాపకాన్నో గీయవచ్చు. వస్తువును చూస్తే అది మూత మీద చొక్కా బొత్తామంత చిన్న లోహపు బిళ్ల. అలాగే రాయండి.

‘3 లీటర్లు’ కూడా కంటికి అందే మాట కాదు. వ్యాసార్థం 9 సెం.మీ., ఎత్తు 12 సెం.మీ. కనుక ఘనపరిమాణం సుమారు 3,050 ఘన సెం.మీ., అంటే 3 లీటర్లకు కాస్త పైన. పత్రంలోని కొలతలు ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఇప్పుడు 18కి 12 అంటే వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. మోడల్‌కు సెంటీమీటర్ల కంటే ఈ నిష్పత్తి బాగా అందుతుంది.

పిడుల రంగు గురించి పత్రంలో లేదు. నలుపే అయి ఉంటుందని మీరు ఊహిస్తే, మోడల్ చేసే పనినే మీరూ చేసినట్లు. అసలు వస్తువును గాని, దాని ఫోటోను గాని చూసి రాయాలి. మన కుక్కర్‌ను అలా చూసి రాసిన వర్ణన ఇది:

“మూత బిగించిన అల్యూమినియం ప్రెషర్ కుక్కర్. మూత లేకుండా గిన్నె వెడల్పు దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. గిన్నె పక్కలు నిటారుగా, నున్నగా, ఏ గుర్తూ లేని సాదా లోహంగా ఉన్నాయి. లోహపు మూత గిన్నె అంచును బయటినుంచి కప్పింది. మూత మధ్యలో ఒకే ఒక చిన్న స్తూపాకారపు విజిల్; దానికి, పిడికి మధ్య చొక్కా బొత్తామంత లోహపు బిళ్ల. కుడివైపు రెండు పొడవాటి నల్లని పిడులు, ఒకటి మూతకు, ఒకటి గిన్నెకు, ఒకదానిపై ఒకటి. తెల్లని నేపథ్యం, కంటి ఎత్తుకు కొంచెం పైనుంచి చూపు.”

ఇందులో ‘తెర లేదు, మీటలు లేవు’ అని రాయలేదని గమనించండి. చాలా మోడళ్లు ‘లేదు’ను సరిగా పట్టించుకోవు, తెర అన్న మాటే తెరను రప్పిస్తుంది. అందుకే ఆ చోట ఉన్నదాన్ని, అంటే సాదా లోహాన్ని, చెప్పాం. వద్దన్నవాటికి కొన్ని సాధనాల్లో వేరే పెట్టె ఉంటుంది. అలాంటివి అక్కడ రాయవచ్చు. ‘స్మార్ట్’, ‘అత్యాధునిక’ వంటి విశేషణాలను నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. ప్రకటనలకు అవి ముద్దు కావచ్చు గాని, లేని తెరలకు దారి తీసేవి తరచుగా అవే.

బొమ్మ వచ్చాక అందం సంగతి తర్వాత. ముందు వేలు పెట్టి లెక్కపెట్టండి. విజిళ్లు ఎన్ని? పిడులు ఎన్ని? బొమ్మలో కనబడే ప్రతి భాగానికీ మీ వర్ణనలో ఒక మాట ఉందా? లేని భాగం కనబడితే, ఆ చోట మీ వర్ణన మౌనంగా ఉందన్నమాట. అక్కడ ఒక వాక్యం చేర్చి మళ్లీ ప్రయత్నించండి, మిగతా వాక్యాలను కదపకుండా. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మాట ఏం చేసిందో తెలియదు.

ఐఎస్ఐ గుర్తును మాత్రం మోడల్‌తో గీయించవద్దు. చిన్న అక్షరాలను, అంకెలను మోడళ్లు తరచుగా వంకరగా కల్పిస్తాయి. ఇంటి ప్రెషర్ కుక్కర్ల ప్రమాణమైన ఐఎస్ 2347 సంఖ్య కూడా తారుమారు కావచ్చు. అసలు వస్తువు ఫోటోలోని గుర్తునే ఆ తర్వాత అతికించాలి. కొనేవారు కుక్కర్ భద్రతను అంచనా వేసేది ఆ గుర్తును, వాల్వ్‌ను చూసే. లేని వాల్వ్‌ను బొమ్మలో చూపి అమ్మితే, వస్తువును తప్పుగా వర్ణించే ప్రకటన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. మాటలతో ఎంత ప్రయత్నించినా మూత వంపు, పిడి మలుపు అచ్చంగా రాకపోతే, అసలు ఫోటోనే సాధనానికి ఇచ్చి నేపథ్యాన్ని మాత్రమే మార్చమనండి. అప్పుడు కూడా విజిళ్లు, పిడులు మళ్లీ లెక్కపెట్టాలి.